ఫొటో మీద స్టిక్కర్ తీసేయడం: ఒరిజినల్ లేదు, ఒక్క జేపెగ్ మాత్రమే ఉంది

సోషల్ మీడియా యాప్‌లో ఫొటో మీద హార్ట్ గానీ నవ్వే ఎమోజీ గానీ పెట్టి సేవ్ చేసినప్పుడు, యాప్ స్టిక్కర్‌ని విడి లేయర్‌గా దాచి ఉంచదు. స్టిక్కర్ ఉన్న చోట ఫొటో పిక్సెళ్లను చెరిపేసి, వాటి స్థానంలో స్టిక్కర్ రంగుల్నే రాసి, అంతటినీ ఒకే బొమ్మగా జేపెగ్‌లో కుదించేస్తుంది. దీన్నే ఫ్లాటెన్ అయిన ఫైల్ అంటారు. కాబట్టి స్టిక్కర్‌ని 'పీకేసి' కింద ఉన్నది చూడటం కుదరదు. కింద ఏమీ లేదు. మనం చేసేది చుట్టూ ఉన్న ఆధారాలతో ఆ ఖాళీని మళ్లీ గీయడం.

ఈ తేడా మొదట్లోనే మనసుకు ఎక్కించుకుంటే సగం టైమ్ మిగులుతుంది. ఏ భాగాన్ని నిజంగా తిరిగి రాబట్టవచ్చు, దేన్ని ఊహించి పూరించవచ్చు, దేన్ని ముట్టుకోకపోవడమే మంచిది అని ముందే విడగొట్టుకోవచ్చు. ఆకాశం, నీళ్లు, గోడ, గడ్డి లాంటివి చూసేవాళ్లకు అనుమానం రాకుండా పూరించవచ్చు. గీతలు, అంచులు, రెయిలింగ్‌లు స్టిక్కర్‌కి రెండు పక్కలా కనిపిస్తుంటే మధ్యలో కలపవచ్చు. స్టిక్కర్ చుట్టూ ఉండే మెత్తని నీడ కింద మాత్రం అసలు ఫొటో బతికే ఉంటుంది, దాన్ని లెక్కకట్టి వెనక్కి తేవచ్చు. పూర్తిగా కప్పేసిన ముఖం, బోర్డు మీది అక్షరాలు, బండి నంబరు ఎవరూ తిరిగి తేలేరు. తెచ్చామని ఎవరైనా చూపిస్తే అది కల్పించిన ముఖం, కల్పించిన నంబరు.

ఇంకో మాట. ఎవరో పిల్లల ముఖం మీద కావాలనే ఎమోజీ పెట్టి ఫొటో పంచుకున్నారంటే అది వాళ్ల నిర్ణయం, దాని జోలికి వెళ్లకూడదు. ఈ వ్యాసం మీ ఫొటో మీద మీరే, లేదా మీకు తెలిసినవాళ్లు సరదాగా అంటించిన స్టిక్కర్ల గురించి.

గీయడానికి ముందు వెతకండి

ఒరిజినల్ దొరికితే ఈ పనంతా అక్కర్లేదు. ఫోన్ గ్యాలరీలోనే స్టిక్కర్ పెట్టి ఉంటే, ఐఫోన్ ఫొటోస్‌లోనూ గూగుల్ ఫొటోస్‌లోనూ ఎడిట్ తెరిచినప్పుడు Revert కనిపించవచ్చు. అది నొక్కితే పాత ఫొటో వచ్చేస్తుంది. స్టిక్కర్ వేరే యాప్‌లో పెట్టి ఉంటే, కెమెరా తీసిన ఫొటో అదే తేదీన వేరే ఫైల్‌గా గ్యాలరీలో పడి ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ద్వారా పంపిన ఫొటోల కాపీలు వాట్సాప్ ఫోల్డర్‌లో Sent అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫొటోని స్టిక్కర్ పెట్టకముందు ఎవరికైనా పంపి ఉంటే అక్కడ చూడండి, లేదా అందుకున్నవాళ్లని అడగండి.

జేపెగ్ ఫైల్ లోపల ఒక చిన్న థంబ్‌నెయిల్ కూడా దాగి ఉండే అవకాశం ఉంది. కొన్ని ఎడిటర్లు పెద్ద బొమ్మని మార్చి ఈ చిన్న బొమ్మని మార్చడం మర్చిపోతాయి. ఫొటో ఫైళ్లలో దాగిన సమాచారాన్ని చదివే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఈ కమాండ్‌తో బయటికి తీయవచ్చు:

```
exiftool -b -ThumbnailImage photo.jpg > thumb.jpg
```

దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. సోషల్ మీడియాలోకి ఎక్కించిన ఫొటోల నుంచి ఈ అదనపు సమాచారాన్ని చాలావరకు తీసేస్తారు. ఒకవేళ దొరికినా అది మామూలుగా 160×120 పిక్సెళ్ల బొమ్మే. ఫొటోలో అతికించడానికి పనికిరాదు గానీ, స్టిక్కర్ కింద ఏముందో తెలుసుకోవడానికి మాత్రం బంగారం.

ఏదీ దొరక్కపోతే, ఉన్న కాపీల్లో అన్నిటికంటే పెద్దది, తక్కువసార్లు కుదించినది పట్టుకోండి. స్క్రీన్‌షాట్ కంటే డౌన్‌లోడ్ చేసుకున్న ఫైల్ మేలు. అది మీ దగ్గర లేకపోతే, ఉన్నవాళ్లని వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. అలా పంపితే ఇంకోసారి కుదించకుండా వస్తుంది.

మనం తీసుకునే ఫొటో

ఒక ఫొటోని పట్టుకుని మొత్తం పని చూద్దాం. 1080×1350 పిక్సెళ్ల జేపెగ్. సముద్రం ఒడ్డున రెయిలింగ్ పక్కన ఒకరు నిలబడ్డారు. వాళ్ల భుజానికి ఎడమగా ఒక ఎర్ర హార్ట్ స్టిక్కర్ ఉంది. వెడల్పు 240 పిక్సెళ్లు, చుట్టూ సన్నని తెల్ల అంచు, కింద కుడివైపు మెత్తని నీడ. అడ్డంగా 560 నుంచి 800 వరకు, నిలువుగా 610 నుంచి 850 వరకు ఆ హార్ట్ పరుచుకుని ఉంది. అది కప్పేసినవి ఇవి: పైభాగంలో ఆకాశం, 700 దగ్గర సముద్రం ఆకాశాన్ని కలిసే గీత, 765 దగ్గర రెయిలింగ్ పై కడ్డీ, దాని కింద నిలువు కడ్డీలు, కుడి కింద మూలలో లేత నీలం చొక్కా చేతి కొంత భాగం. ముఖం పూర్తిగా బయటే ఉంది. అందుకే ఇది బాగు చేయదగ్గ ఫొటో.

సాఫ్ట్‌వేర్ జింప్, 2.10 లేదా ఆ తర్వాతిది. ఉచితం, కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఫొటోషాప్‌లోనూ, బ్రౌజర్‌లో నడిచే ఫొటోపియాలోనూ ఇవే టూల్స్ కాస్త వేరే పేర్లతో దొరుకుతాయి. ఫోన్ స్క్రీన్ మీద ఈ పని చేయాలనుకుంటే కళ్లకీ వేళ్లకీ శిక్షే.

ఫైల్ తెరవగానే లేయర్లని విడివిడిగా దాచే జింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లో సేవ్ చేయండి. పని నడుస్తుండగా జేపెగ్‌గా సేవ్ చేసి మళ్లీ తెరిస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. తర్వాత Shift+Ctrl+D నొక్కి లేయర్‌కి కాపీ తీయండి. కింది లేయర్‌ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. పని పాడైనప్పుడు వెనక్కి చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

స్టిక్కర్ అసలు హద్దు ఎక్కడ?

ఇక్కడ ఎక్కువమంది తొందరపడతారు. కంటికి కనిపించే హార్ట్ అంచు దగ్గరే సెలక్షన్ ఆపేసి పూరిస్తారు. అంతా అయ్యాక చుట్టూ ఒక సన్నని గులాబీ రంగు రేఖ మిగిలి, హార్ట్ దెయ్యంలా కనిపిస్తూనే ఉంటుంది.

దానికి కారణం జేపెగ్ పని చేసే తీరు. జేపెగ్ బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. గట్టి అంచు ఉన్న గడిలో ఆ అంచు చుట్టూ చిన్న చిన్న అలలు, చుక్కలు పుడతాయి. రంగు విషయంలో ఇంకా మొరటు. సోషల్ మీడియా ఫొటోల్లో సాధారణంగా రంగు సమాచారాన్ని అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించి దాస్తారు. అంటే రంగు గడి అసలు ఫొటోలో 16×16 పిక్సెళ్లంత ఉంటుంది. ఎరుపు ఆ గడంతటికీ పాకుతుంది. హార్ట్ అంచుకి పది పిక్సెళ్ల అవతల ఉన్న ఆకాశంలో కూడా కాస్త ఎరుపు కలిసిపోయి ఉండొచ్చు.

ఇది ఎంత దూరం పాకిందో కళ్లతో చూడాలంటే, తాత్కాలికంగా ఇంకో కాపీ లేయర్ పైన పెట్టి, Colors మెనూలో Hue-Saturation తెరిచి Saturation ని చివరిదాకా పెంచండి. 300 శాతం జూమ్ చేస్తే హార్ట్ చుట్టూ ఎర్రని గళ్లు మెట్లు మెట్లుగా బయటపడతాయి. మన ఫొటోలో అవి పైవైపు ఆరేడు పిక్సెళ్ల దాకా, ఎడమవైపు పన్నెండు దాకా వచ్చాయి. గళ్ల హద్దులు హార్ట్ ఆకారాన్ని బట్టి ఉండవు కాబట్టి అన్ని వైపులా ఒకేలా పాకదు. చూసుకున్నాక ఆ తాత్కాలిక లేయర్ తీసేయండి.

ఇప్పుడు Free Select తో హార్ట్‌ని తెల్ల అంచుతో సహా చుట్టండి. Select మెనూలో Grow కి వెళ్లి 8 ఇవ్వండి. ఎరుపు ఎక్కువ పాకిన ఎడమవైపున ఇంకో నాలుగైదు పిక్సెళ్లు చేత్తో కలపండి. ఈ సెలక్షన్‌ని Save to Channel తో దాచుకోండి, ఇది చాలాసార్లు కావాలి. మరీ 20, 30 పిక్సెళ్లు పెంచేయకండి. మనం పారేసే ప్రతి మంచి పిక్సెల్‌నీ తర్వాత మనమే ఊహించి గీయాల్సి వస్తుంది.

నీడని లెక్కతో తీసేయడం

హార్ట్ కింద కుడివైపు నీడ చొక్కా మీద పడింది. దాన్ని కూడా చెరిపేసి గీద్దామనిపిస్తుంది గానీ వద్దు. నీడ అంటే పారదర్శకంగా వేసిన నలుపు. దాని కింద చొక్కా మడతలు, నేత అన్నీ అలాగే ఉన్నాయి. కాస్త మసకబారాయంతే.

పారదర్శక పొర వేసినప్పుడు జరిగే లెక్క చిన్నదే. పొర బలం 25 శాతం అయితే, ప్రతి పిక్సెల్ విలువలో 75 శాతం అసలు ఫొటోది, 25 శాతం పొర రంగుది. పొర నలుపు అంటే దాని విలువ సున్నా. అంటే మిగిలేది అసలు విలువలో 75 శాతం మాత్రమే. వెనక్కి రావాలంటే 0.75తో భాగిస్తే చాలు.

బలం ఎంతో మనకెలా తెలుస్తుంది? Color Picker తీసుకుని, నీడ పడని చోట చొక్కా రంగు చూడండి. మన ఫొటోలో అది ఎరుపు 140, ఆకుపచ్చ 164, నీలం 192. అదే మడతలో, అంతే వెలుగు పడే చోట నీడ లోపల చూస్తే 105, 123, 144. మూడు చోట్లా భాగహారం చేస్తే 0.75 వస్తుంది. మూడూ ఒకేలా వచ్చాయంటే నీడ రంగు నలుపే అని రూఢి అయినట్టు. ఒక ఛానల్ తేడాగా వస్తే నీడకి రంగు ఉందనో, పక్కనున్న ఎరుపు పాకిందనో అర్థం. అప్పుడు హార్ట్‌కి కాస్త దూరంగా జరిగి మళ్లీ చూడండి. ఒకే పిక్సెల్‌ని నమ్మొద్దు, టూల్ ఆప్షన్స్‌లో Sample average పెట్టి రేడియస్ 3 ఇస్తే గింజలు గింజలుగా ఉండే నాయిస్ సమమవుతుంది.

దీన్ని ఫొటోకి వర్తింపజేయడానికి Levels చాలు. 255లో 75 శాతం 191. లేయర్‌కి కాపీ తీసి, Colors మెనూలో Levels తెరిచి, Input కింద ఉన్న తెలుపు విలువని 255 నుంచి 191కి దించండి. ఇప్పుడు 105 ఉన్నది 140 అవుతుంది, 144 ఉన్నది 192 అవుతుంది. లేయర్ అంతా వెలిగిపోతుంది, కంగారు పడకండి. ఆ లేయర్‌కి Black ఎంచుకుని లేయర్ మాస్క్ తగిలిస్తే మొత్తం మాయమవుతుంది. తర్వాత మెత్తని తెల్ల బ్రష్‌తో మాస్క్ మీద నీడ ఉన్నచోట మాత్రమే రాయండి.

నీడ మధ్యలో బలం 25 శాతం ఉన్నా అంచుల్లో 5 శాతానికి జారుతుంది. అందుకే బ్రష్ ఒపాసిటీ 30 దగ్గర పెట్టి, లోపలి నుంచి బయటికి పొరలు పొరలుగా రాస్తే నీడ మెల్లగా కరిగిపోతుంది. ఎక్కడైనా ఎక్కువై చొక్కా తెల్లబడితే మాస్క్ మీద నలుపుతో వెనక్కి తగ్గించుకోండి. మాస్క్‌తో పని చేయడంలో ఉన్న సుఖం ఇదే, దేన్నీ శాశ్వతంగా పాడుచేయలేం.

హార్ట్ అంచుని ఆనుకుని ఉన్న ఎనిమిది పది పిక్సెళ్లలో మాత్రం ఈ లెక్క పారదు. అక్కడ నీడతో పాటు ఎరుపు కూడా కలిసి ఉంది. ఆ పట్టీ ఎలాగూ మన సెలక్షన్‌లో ఉంది, దాన్ని తర్వాత గీస్తాం.

ఇదే లెక్క సగం పారదర్శకంగా ఉన్న స్టిక్కర్లకీ పనికొస్తుంది, కాకపోతే పొర రంగుని కూడా తీసివేయాలి. ఒక హెచ్చరిక: పొర బలం 80 శాతం ఉంటే అసలు ఫొటోది మిగిలేది 20 శాతమే, దాన్ని అయిదు రెట్లు పెంచాలి. అప్పుడు జేపెగ్ మరకలు, నాయిస్ కూడా అయిదు రెట్లు అవుతాయి. సగానికి మించి గట్టిగా ఉన్న పొరని లెక్కతో తీయడం కంటే, వచ్చిన మరకల బొమ్మని నమూనాగా పెట్టుకుని పైన కొత్తగా గీయడమే శుభ్రంగా వస్తుంది.

ముందు గీతలు

ఇప్పుడు హార్ట్ ఉన్న చోటు. ఆకాశం ఈజీగా ఉందని దాంతో మొదలుపెట్టాలనిపిస్తుంది. మొదలుపెట్టొద్దు. చూసేవాళ్ల కన్ను రంగులోని చిన్న తేడాని క్షమిస్తుంది గానీ, విరిగిన గీతని వెంటనే పట్టేస్తుంది. పైగా గీతలు వేశాక మిగిలేవి చిన్న చిన్న గదులు, వాటిని నింపడం తేలిక.

మొదట సముద్రపు గీత. హార్ట్‌కి ఎడమ పక్క x 540 దగ్గర అది y 699లో ఉంది, కుడి పక్క x 820 దగ్గర 702లో ఉంది. ఫోన్ కాస్త వంగి ఉందన్నమాట. 280 పిక్సెళ్ల దూరంలో మూడు పిక్సెళ్ల వాలు చాలా తక్కువే, కానీ సమతలంగా గీసేస్తే కుడివైపు అతుకు దగ్గర మెట్టు తేలుతుంది. ఎడమవైపు గీత ఉన్న పొడుగాటి ముక్కని Rectangle Select తో తీసుకోండి. పైన ఆకాశం, కింద నీళ్లు కలిపి అరవై పిక్సెళ్ల ఎత్తు చాలు. కాపీ చేసి, పేస్ట్ చేశాక దాన్ని కొత్త లేయర్‌గా మార్చి, హార్ట్ మీదికి జరపండి. రెండు చివర్లూ ఉన్న గీతతో కలిసేవరకు Rotate తో కొద్దిగా తిప్పండి. ఇక్కడ ముక్కే దాదాపు అదే వాలులో ఉంటుంది కాబట్టి తిప్పాల్సింది ఒక డిగ్రీలో చిన్న భాగమే. ఆ లేయర్‌కి మాస్క్ వేసి, అంచుల్ని మెత్తని నల్ల బ్రష్‌తో కలిపేయండి.

తర్వాత రెయిలింగ్ పై కడ్డీ. పద్ధతి అదే, కానీ కడ్డీ కెమెరాకి దూరమవుతున్నకొద్దీ సన్నబడుతుంది. ఎడమ పక్క దాని మందం 22 పిక్సెళ్లు, కుడి పక్క చొక్కా చాటుకి వెళ్లే ముందు 19. ఎడమ నుంచి తెచ్చిన ముక్కకి Perspective టూల్‌తో కుడి చివర మూడు పిక్సెళ్లు దగ్గరికి నొక్కితే సరిపోతుంది. కడ్డీ మీద మెరిసే తెల్ల గీత రెండు అతుకుల దగ్గరా ఒకే ఎత్తులో కలుస్తోందా అని 400 శాతం జూమ్‌లో చూడండి. కడ్డీ అంచులు కలిసి మెరుపు కలవకపోతే అది అతుకని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

నిలువు కడ్డీలే అసలు చిక్కు. హార్ట్ కింద ఎన్ని ఉన్నాయో తెలియదు. కానీ కనిపించేవాటిని Measure టూల్‌తో కొలిస్తే దారి దొరుకుతుంది. ఎడమ నుంచి కడ్డీలు x 130, 306, 472 దగ్గర ఉన్నాయి. మధ్య దూరాలు 176, 166. దూరం పోయేకొద్దీ దాదాపు అదే నిష్పత్తిలో, అంటే 0.94 చొప్పున తగ్గుతున్నాయి. తర్వాతి దూరం 157 వరకు, ఆ తర్వాత 148, ఆపైన 140. కడ్డీలు 629, 777, 917 దగ్గర రావాలి. మన అదృష్టం కొద్దీ చొక్కాకి అవతల మళ్లీ రెయిలింగ్ కనిపిస్తోంది, అక్కడ కడ్డీ 916లో ఉంది. అంచనా కుదిరింది. 777 దగ్గరది మనిషి చాటున ఉంటుంది కాబట్టి గీయక్కర్లేదు. అంటే హార్ట్ కింద మనం పెట్టాల్సింది ఒక్కటే కడ్డీ, 629 దగ్గర.

ఈ కొలత లేకుండా కంటి అంచనాతో పెడితే 610లోనో 650లోనో పెట్టేస్తాం. ఫలానా కడ్డీ తప్పు అని ఎవరూ చెప్పలేరు గానీ, ఫొటో ఏదో తేడాగా ఉందని మాత్రం అందరికీ అనిపిస్తుంది. 472 దగ్గరి కడ్డీని కాపీ చేసి, Scale తో వెడల్పూ ఎత్తూ కాస్త తగ్గించి, 629కి జరిపి, పై చివరని కొత్త కడ్డీ కిందకి ఆనించండి.

గదుల్ని నింపడం

ఇప్పుడు మిగిలినవి ఆకాశం ముక్క, నీళ్ల ముక్కలు, చొక్కా. క్లోన్ టూల్ తీసుకోండి, షార్ట్‌కట్ C. పైన ఖాళీ పారదర్శక లేయర్ ఒకటి వేసి, టూల్ ఆప్షన్స్‌లో Sample merged టిక్ చేయండి. Alignment ని Aligned లో ఉంచండి. Ctrl పట్టుకుని ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడి నుంచి పిక్సెళ్లు వస్తాయి.

ఆకాశంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. రంగు పై నుంచి కిందకి మారుతుంది, అడ్డంగా అంతగా మారదు. కాబట్టి ఎప్పుడూ అదే ఎత్తులో, పక్క నుంచి తీసుకోండి. y 650 దగ్గర పూరించడానికి y 650 నుంచే తేవాలి. పైనుంచి తెస్తే ముదురు మచ్చ పడుతుంది. సగం హార్ట్ వరకు ఎడమ నుంచి, మిగతా సగం కుడి నుంచి తీసుకుని మధ్యలో కలిపితే రెండు వైపులా ఉన్న కొద్దిపాటి తేడా కూడా సర్దుకుంటుంది. గ్రేడియంట్ టూల్‌తో ఆకాశాన్ని నింపేయవచ్చు కదా అంటారు. నింపవచ్చు, కానీ అది మరీ నున్నగా వస్తుంది. చుట్టూ ఉన్న నాయిస్‌కి సరిపడా నాయిస్ మళ్లీ మనమే కలపాలి. క్లోన్‌తో ఆ నాయిస్ తనంతట తానే వస్తుంది.

నీళ్లలో దీనికి ఎదురు సమస్య. అలలకి గుర్తుపట్టగలిగే ఆకారాలుంటాయి. ఒకే తెల్ల నురగ రెండుసార్లు కనిపిస్తే దొరికిపోతాం. నాలుగైదు చోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తెచ్చి, ప్రతిసారీ సోర్స్ మారుస్తూ ఉండండి. ఇక్కడా అదే ఎత్తు నియమం వర్తిస్తుంది, ఎందుకంటే దూరపు అలలు చిన్నగా, దగ్గరివి పెద్దగా ఉంటాయి.

చొక్కాకి రెండు దారులున్నాయి. హార్ట్ కప్పింది కొద్దిగానే అయితే పక్క మడతలోంచే క్లోన్ చేయవచ్చు. ఎక్కువగా కప్పి ఉంటే రెండో చేతిని కాపీ చేసి అడ్డంగా తిప్పి పెట్టొచ్చు. అయితే తిప్పినప్పుడు వెలుగు కూడా తిరగబడుతుంది. ఎడమ నుంచి ఎండ పడుతున్న ఫొటోలో ఒక్క చెయ్యి మాత్రం కుడి నుంచి వెలిగితే వింతగా ఉంటుంది. మన ఫొటోలో కప్పింది నాలుగు వేళ్ల వెడల్పంత చొక్కా మాత్రమే, పక్క మడత చాలు. చేతి బయటి అంచుని మాత్రం ముందుగా ఒకే వంపులో గట్టి బ్రష్‌తో, హార్డ్‌నెస్ 75 దగ్గర పెట్టి వేయండి. మెత్తని బ్రష్‌తో వేస్తే చెయ్యి పొగలా నీళ్లలో కలిసిపోతుంది.

హీల్ టూల్ గురించి అందరూ గొప్పగా చెప్తారు, మరి ఇంతసేపూ ఎందుకు వాడలేదు? హీల్ సోర్స్ నుంచి నేత తీసుకుంటుంది, రంగూ వెలుగూ మాత్రం మనం రాస్తున్న చోటు నుంచి తీసుకుంటుంది. రాస్తున్న చోట ఎర్ర హార్ట్ ఉంటే ఆ ఎరుపే పట్టుకొస్తుంది. అందుకే ముందు క్లోన్‌తో ఎరుపుని పూర్తిగా కప్పాలి, ఆ తర్వాతే హీల్. క్లోన్ అయ్యాక Layer మెనూలో New from Visible తో అన్నీ కలిపిన లేయర్ ఒకటి చేసుకుని, దాని మీద అతుకులు కనిపించే చోట హీల్ రాయండి. రెయిలింగ్ లాంటి గట్టి అంచులకి పది పిక్సెళ్ల లోపు వెళ్లకండి, అక్కడ కడ్డీ రంగుని నీళ్లలోకి పూసేస్తుంది.

ఎక్కడైనా ఇంకా గులాబీ ఛాయ మిగిలితే, మళ్లీ చెరిపి గీయాల్సిన పని లేదు. జేపెగ్ వెలుగు సమాచారాన్ని రంగు కంటే జాగ్రత్తగా దాస్తుంది కాబట్టి అక్కడ పాడైంది ప్రధానంగా రంగే. కొత్త ఖాళీ లేయర్ వేసి, దాని మోడ్‌ని LCh Color కి మార్చి, పక్కనున్న మంచి రంగుని Color Picker తో తీసుకుని మెత్తని బ్రష్‌తో రాయండి. నేత, వెలుగు చెక్కుచెదరకుండా రంగు మాత్రమే సరి అవుతుంది.

తప్పుల్ని పట్టుకోవడం

గంటసేపు ఒకే చోటు చూశాక కన్ను మోసపోతుంది. బొమ్మని అడ్డంగా తిప్పి చూడండి, Image మెనూలో Transform కింద Flip Horizontally ఉంటుంది. కొత్త ఫొటో చూస్తున్నట్టు అనిపించి లోపాలు ఎగిరొచ్చి కనపడతాయి. తర్వాత New from Visible తో ఇంకో తాత్కాలిక లేయర్ చేసి, Curves తో కాంట్రాస్ట్‌ని బాగా పెంచండి. ఆకాశంలో మచ్చలు, హార్ట్ ఆకారపు దెయ్యం, నాయిస్ లేని నున్నని ప్రాంతాలు అప్పుడు బయటపడతాయి. మామూలు వెలుగులో కనిపించని మచ్చ ఇలా కొద్దిగా తేలితే వదిలేయవచ్చు. ఆకారం పోల్చుకోగలిగేలా ఉంటే మాత్రం వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే కొందరి ఫోన్ స్క్రీన్లు ఎక్కువ కాంట్రాస్ట్‌తోనే చూపిస్తాయి.

ఆఖరుగా 25 శాతానికి జూమ్ తగ్గించి చూడండి. దగ్గర్నుంచి దొరకని పెద్ద తేడాలు, అంటే ఆకాశంలో ఒక సగం కాస్త ముదురుగా ఉండటం లాంటివి, చిన్న బొమ్మలోనే తెలుస్తాయి.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్వాలిటీ 92 నుంచి 95 మధ్య ఇచ్చి, Advanced Options లో Subsampling ని 4:4:4 కి మార్చండి. ఫైల్ కొంచెం పెద్దదవుతుంది. ఎక్కించిన చోట ఎలాగూ ఇంకోసారి కుదిస్తారు కాబట్టి మన వైపు నుంచి రంగుని సగానికి తగ్గించి పంపడం అనవసరం. కొలత 1080 వెడల్పులోనే ఉంచండి. పెంచితే కొత్త వివరాలేమీ రావు, అతుకులు మాత్రం పెద్దవవుతాయి. ఎక్స్‌సీఎఫ్ ఫైల్‌ని లేయర్లతో సహా దాచుకోండి. రేపెప్పుడైనా అసలు ఫొటో ఎవరి ఫోన్‌లోనో బయటపడితే, దాన్ని అన్నిటికీ పైన పెట్టి కడ్డీ 629లో ఉందో లేదో చూసుకోవచ్చు.